ముప్పై శాతం వాన

ఉగాది నాడు పంచాంగం చదివేటప్పుడు ఈ ఏటి వానలో సముద్రం మీద ఎన్ని పాళ్లు, కొండల మీద ఎన్ని, నేల మీద ఎన్ని పడతాయో చెబుతారు. ఏ ఊళ్లో, ఏ రోజున, ఎన్ని మిల్లీమీటర్లు అన్నది మాత్రం ఉండదు. కాబట్టి ఏడాది తిరిగాక అది నిజమైందా అని తేల్చడానికి దారే లేదు. చినుకు రాకపోతే కప్పతల్లి ఆడిస్తారు. తర్వాత వాన పడితే దాని మహిమ అంటారు, పడకపోతే ఆ సంగతి ఎవరూ తలచుకోరు.

నన్ను బాధించేది, ఫోన్‌లో కనిపించే వాన శాతాన్ని కూడా ఇదే మనసుతో వినడం. యాభైకి పైన ఉంటే వస్తుందనీ, లోపల ఉంటే రాదనీ జోస్యంలా తీసుకుంటారు. 30 అన్న రోజున కురిస్తే అంతా అబద్ధమని తోసేస్తారు. ఆ అంకె అలా చెప్పనే లేదు. ఇవాళ్టిలాంటి అంచనా వచ్చిన పది రోజులు తీసుకుంటే, మీరున్న చోట సుమారు మూడు రోజులు వాన పడుతుందన్నది దాని అర్థం. అంతే తప్ప రోజులో 30 శాతం సేపు కురుస్తుందని కాదు, 30 శాతం జోరుగా కురుస్తుందనీ కాదు.

జిల్లాలో 30 శాతం ఊళ్లలో పడుతుందని కూడా కాదు. ఇక్కడ పొరబడటానికి కారణం ఉంది. వాతావరణ శాఖ బులెటిన్‌లో ‘ఒకటి రెండు చోట్ల’ అంటే వర్షమాపక కేంద్రాల్లో 25 శాతం లోపు, ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుంచి 50 శాతం. అది విస్తీర్ణం లెక్క. ఫోన్ అంకె మీ ఒక్క చోటికి ఉన్న అవకాశం. ఏప్రిల్ సాయంత్రాల ఉరుముల మబ్బు కొన్ని కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. బోధన్‌ను తడిపి నిజామాబాద్‌ను వదిలేయగలదు. ఆ మబ్బు కచ్చితంగా ఎక్కడ లేస్తుందో ముందురోజు తెలియదు కనుకే ఆ అంచనా అవకాశంగా వస్తుంది.

ఎంత పడితే వాన అన్నట్టు? అమెరికా వాతావరణ సంస్థ శాతం చెప్పేటప్పుడు పావు మిల్లీమీటరునే వానగా లెక్కిస్తుంది. మన వాతావరణ శాఖ ‘వర్షపు రోజు’ అనాలంటే 2.5 మిల్లీమీటర్లు కావాలి. పావు మిల్లీమీటరుకు ఆరబోసిన వడ్లకు ఏమీ కాదు. అందుకే శాతం పక్కన ఎన్ని మిల్లీమీటర్లు రాశారో తప్పక చూడాలి. గంటల వారీ అంకెల్లోనూ చిక్కుంది. సాయంత్రం మొదలుకొని ఆరు గంటల పాటు ఒక్కో గంటకు 20 శాతం చొప్పున చూపితే ఆ సాయంత్రం మొత్తానికి 20 శాతమే అనుకోకూడదు. గంటలకు ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే అది 74 శాతం దాకా పోతుంది. నిజానికి ఒకే మబ్బు రెండు మూడు గంటల్ని తడుపుతుంది కనుక అసలు విలువ ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది.

ఈ శాతం రైతుకు ఎందుకు ముఖ్యమో చూడటానికి మళ్లీ బోధన్‌కే వద్దాం. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరకు తగ్గినచోట ఇప్పుడు వరి. నిలబడి ఉన్న చెరకుకు ఒక సాయంత్రపు వానతో పెద్ద నష్టం లేదు. తేమ 17 శాతానికి దిగాలని కొనుగోలు కేంద్రం ముందు ఆరబోసిన వడ్ల సంగతి వేరు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక రైతుకు యాభై క్వింటాళ్ల వడ్లు కల్లంలో ఉన్నాయి. కుప్ప చేసి టార్పాలిన్ కప్పి, మర్నాడు మళ్లీ నెరపడానికి కూలీ, అద్దె కలిపి 1,500 రూపాయలు అనుకుందాం. తడిస్తే మళ్లీ ఆరబెట్టే ఖర్చు, మొలకలు, రంగు మార్పు, మిల్లు కోసే తరుగు కలిపి 10,000 పోతుందనుకుందాం. 1,500ను 10,000తో భాగిస్తే 15 శాతం. వడ్లు తడిసేంత వాన పడే అవకాశం 15 దాటిన ప్రతి సాయంత్రం కప్పాలి. 20 శాతం అన్న పది రోజులూ కప్పితే అయ్యేది 15,000. కప్పకపోతే రెండుసార్లు తడిసి 20,000 పోతుంది. ఎనిమిది రోజులు ఊరికే కప్పినట్టు కనిపించినా డబ్బు మిగిలింది.

అదే రైతు హార్వెస్టర్ వంతు వదులుకుంటే 4,000 నష్టమనీ, కోత మధ్యలో వాన పడితే 8,000 నష్టమనీ అనుకుంటే గీత 50 దగ్గర పడుతుంది. అంటే 30 శాతం ఉన్న ఒకే రోజున ఆయన పొలంలో కోయించాలి, కల్లంలో మాత్రం కప్పాలి. శాతం ఒకటే, నష్టం వేరు.

ఆ శాతాన్నైనా నమ్మొచ్చా? గుడ్డిగా అక్కర్లేదు, పరీక్షించవచ్చు. రోజూ రాత్రి ఒకే యాప్ మర్నాటికి చూపిన శాతం, మర్నాడు మీ కల్లంలో వాన పడిందా లేదా రాయండి. ఇలా 30 శాతం అన్న రోజులు ఇరవై పోగయ్యాక చూస్తే, వాన పడినవి ఆరుకు అటూ ఇటూ ఉండాలి. మూడైనా తొమ్మిదైనా అదృష్టం ఆడిన ఆటే కావచ్చు. పదమూడు వస్తే మాత్రం ఆ యాప్ మీ ఊరి వానను తక్కువగా చూపుతోంది. అప్పుడు అది 15 అన్న సాయంత్రం దాకా ఆగకుండా, అంతకన్నా తక్కువ అంకెకే కప్పడం మొదలుపెట్టండి.