హలో వినిపిస్తే సరిపోదు

మళ్ళీ సభల కాలం దగ్గర పడుతోంది. హాలు బుకింగు, భోజనాలు, శాలువాల గురించి మన సంఘాల్లో గంటల కొద్దీ మాట్లాడుకుంటాం. మైకు సంగతి మాత్రం సభ మొదలవడానికి పది నిమిషాల ముందు "హలో... హలో... చెక్... ఒన్, టూ, త్రీ" అనడంతో అయిపోతుంది. ఆ "హలో" దేన్ని పరీక్షిస్తుంది, దేన్ని పరీక్షించదు అన్నది ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాం. ఓపిగ్గా చదవండి.

అసలు ఈ మాట ఫోనులోకి వచ్చిందే పిలుపుగా. 1877 ఆగస్టులో ఎడిసన్ ఒక టెలిగ్రాఫు కంపెనీ పెద్దమనిషికి ఉత్తరం రాస్తూ, ఫోనుకు వేరే గంట అక్కర్లేదు, "హలో" అని గట్టిగా అంటే పది ఇరవై అడుగుల దూరానికి వినిపిస్తుంది అన్నాడు. ఫోను కనిపెట్టిన బెల్‌కు మాత్రం ఓడల వాళ్ళు వాడే "అహోయ్" ఇష్టం. చివరికి హలోయే నిలిచింది. 1882లో మన మద్రాసులో టెలిఫోను ఎక్స్ఛేంజీ మొదలయ్యే నాటికే ఈ మాట ఫోనుతో పెనవేసుకుపోయింది. అంటే ఇది గంటకు బదులుగా ఫోనులోకి వచ్చిన మాట. గంట పని అవతలి మనిషిని ఇటు తిప్పడం. చెప్పబోయే విషయం అతనికి స్పష్టంగా అందుతుందా లేదా అన్నది గంటకు సంబంధించిన సంగతి కాదు.

ఇప్పుడు ఆ మాటలోని అక్షరాలు చూడండి. ఒక హకారం, ఒక లకారం, మిగతాదంతా సాగదీసిన అచ్చులు. మాటలో బలమంతా అచ్చుల్లోనే ఉంటుంది కాబట్టి ఎంత పాడైన మైకులోనైనా, ఎంత ప్రతిధ్వని ఉన్న హాల్లోనైనా "హలో" వినిపించి తీరుతుంది. మాట అర్థమయ్యేది మాత్రం హల్లుల వల్ల. పది, గది, నది, మది: వీటి మధ్య తేడా మొదటి హల్లొక్కటే. అది చెవికి అందకపోతే వెనక వరసలో కూర్చున్నవారికి ఏదో "...ది" అని వినిపిస్తుంది. మిగతాది ఊహించుకోవాలి. స లాంటి బుసబుసల అక్షరాల బలం ఇంకా పై స్థాయిలో, 4000 హెర్ట్జుల పైన ఎక్కువగా ఉంటుంది. పాత ఫోను లైను మోసింది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జుల వరకే. అందుకే ఫోనులో పేరు చెప్పేటప్పుడు "స, సీతలో స" అని విడమరిచి చెప్పేవాళ్ళం. "హలో"లో ఇలాంటి అక్షరం ఒక్కటీ లేదు. కాబట్టి అది పాసైనంత మాత్రాన ప్రసంగం పాసవుతుందని నమ్మకం లేదు.

చెన్నైలో మనకు ఇంకో చిక్కు ఉంది. మైక్‌సెట్ తెచ్చే కుర్రాళ్ళు చాలామంది తమిళులు. పని బాగా తెలిసినవాళ్ళే, తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ తెలుగు రానివాడికి తెలుగు ప్రసంగం తెలుస్తోందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? శబ్దం వస్తోందా, కీచుమంటోందా అన్నంత వరకే అతను చూడగలడు. వేదిక మీద నించుని తన "హలో" తానే విని, బాగుందని బొటనవేలు చూపిస్తాడు. మాట తెలుస్తోందని చెప్పాల్సినవాడు తెలుగు తెలిసినవాడై ఉండాలి. అతను కూర్చోవలసింది ఆఖరి వరసలో.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, కొన్నాళ్ళ క్రితం మేం వెళ్ళిన ఒక సంతాప సభ ఇంకా మనసులోంచి పోవడం లేదు. ఏ సంఘమో, ఏ హాలో ఇక్కడ అనవసరం. పోయినవారు అందరికీ కావలసిన పెద్దమనిషి. ఆయన కూతురు కాలిఫోర్నియాలో ఉంది, రాలేకపోయింది. సభ మనకు సాయంత్రం ఆరు గంటలకు, ఆమెకు తెల్లవారుజామున అయిదున్నరకు. జూమ్‌లో కలిపారు. ఆమె బాబాయిగారు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని "హలో, అమ్మా, వినిపిస్తోందా?" అన్నారు. "వినిపిస్తోంది బాబాయ్, బాగా వినిపిస్తోంది" అంది ఆ అమ్మాయి. అందరూ తృప్తి పడ్డారు. తరవాత మైక్‌సెట్ మిక్సరు నుంచి ఒక వైరు తెచ్చి ల్యాప్‌టాప్‌కు గుచ్చి, దాన్ని పక్కనున్న బల్ల మీద, ఫ్యాను కింద పెట్టారు. సభ మొదలైంది.

నలభై నిమిషాల పాటు ఆ అమ్మాయికి వినిపించింది ఫ్యాను హోరు, హాల్లోని ప్రతిధ్వని. మధ్యలో ఆమె "హలో, హలో" అని పిలిచిందట, చాట్‌లో కూడా రాసిందట. చాట్ కిటికీ తెరిచి ఎవరూ చూడలేదు. ఆమె గొంతు హాల్లో ఎవరికీ వినపడలేదు. వాళ్ళ నాన్నగారితో కలిసి చదువుకున్న, ఎనభై దాటిన ఒక పెద్దాయన ఆ రోజు పావుగంట మాట్లాడారు. ఆమె ఆయన పెదవులు కదలడం మాత్రం చూసింది. రికార్డింగులోనూ అదే హోరు. ఆ పావుగంటను మళ్ళీ తేలేం.

కారణం తరవాత తేలింది. ఇప్పటి చాలా ల్యాప్‌టాప్‌లకు హెడ్‌ఫోన్‌కు, మైకుకు కలిపి ఒకటే రంధ్రం ఉంటుంది. దాని గుండా మైకు శబ్దం లోపలికి వెళ్ళాలంటే గుచ్చే పిన్ను మీద మూడు గీతలు ఉండాలి. మిక్సరు నుంచి తెచ్చిన మామూలు వైరు పిన్నుకు రెండే గీతలు. ల్యాప్‌టాప్ దాన్ని హెడ్‌ఫోన్ అనుకుంది. అనుకుని రెండు పనులు చేసింది. తన సొంత మైకునే వాడుకుంటూ ఉండిపోయింది, తన స్పీకరు నోరు మూసేసింది. ఆమె పిలుపు హాల్లో వినపడకపోవడానికి కారణం ఈ రెండోదే. బాబాయిగారి "హలో" అబద్ధం చెప్పలేదు. అది అడుగు దూరం నుంచి ల్యాప్‌టాప్ మైకును పరీక్షించింది. ప్రసంగాలు వెళ్ళవలసింది వేరే దారి. ఆ దారిని ఎవరూ పరీక్షించలేదు.

కాబట్టి మా అభిప్రాయం సూటిగా ఇది. హలో వైరులో ప్రాణం ఉందో లేదో చెబుతుంది, అంతవరకు అనండి. కానీ దాన్ని పరీక్ష అని పిలవకండి. పరీక్ష అంటే అసలు ప్రసంగం వెళ్ళే దారినే మాట వెళ్ళాలి, అసలు వినేవాడి దగ్గర నుంచే జవాబు రావాలి, ఆ జవాబు "వినిపిస్తోంది" అని కాక, ఏం వినిపించిందో తిరిగి చెప్పేదిగా ఉండాలి.

దీనికి అయిదు నిమిషాలు చాలు. పది, గది, నది, మది, అది అనే అయిదు మాటలను ఒకరు వేదిక మీద నుంచి తమకు తోచిన వరసలో, మామూలు గొంతుతో చదవాలి. ఆఖరి వరసలో కూర్చున్న తెలుగువారు ఒకరు కాగితం మీద రాసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఉన్నవారు ఒకరు చాట్‌లో రాయాలి. మూడూ కలిస్తే సరే. ఒక్కటి తప్పినా మళ్ళీ వరస మార్చి చదవాలి. వెనక వరసవారు తప్పి ఆన్‌లైన్‌వారు సరిగ్గా రాస్తే లోపం హాల్లో ఉంది: స్పీకర్ల దిశ, ప్రతిధ్వని, లేదా బొంగురు శబ్దం మరీ ఎక్కువ పెట్టడం. అందరి ముందూ సౌండు పెంచడం ఇక్కడ మందు కాదు, సౌండుతో పాటు ప్రతిధ్వనీ పెరుగుతుంది. వెనకవారు సరిగ్గా రాసి ఆన్‌లైన్‌వారు తప్పితే లోపం మిక్సరుకు, ల్యాప్‌టాప్‌కు మధ్య ఉంది. అప్పుడు ల్యాప్‌టాప్ మైకు రంధ్రం దగ్గర గోటితో మెల్లగా గీకండి. అవతలివారికి గరగరమని గట్టిగా వినిపిస్తే ల్యాప్‌టాప్ సొంత మైకే పనిచేస్తోందన్న మాట. జూమ్‌లో మ్యూట్ బొమ్మ పక్కనున్న చిన్న బాణం నొక్కితే ఏ మైకు ఎంపికైందో కనిపిస్తుంది, అక్కడే మార్చుకోవచ్చు.

చదివేవారు మైకును ఎంత దూరంలో పట్టుకుంటారన్నది కూడా పరీక్షలో భాగమే. మైక్‌సెట్ కుర్రాడు మైకును పెదవులకు ఆనించి "హలో" అంటాడు. మన పెద్దలు దాన్ని బొడ్డు దగ్గర పట్టుకుని మాట్లాడతారు. దూరం రెట్టింపయితే నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం ఆరు డెసిబెల్లు తగ్గుతుంది. రెండంగుళాల నుంచి ఎనిమిదంగుళాలకు వెళితే పన్నెండు తగ్గినట్టు. దాన్ని సర్దడానికి కుర్రాడు సౌండు పెంచుతాడు, మైకు కీచుమంటుంది, పెద్దాయన బెదిరి ఇంకా దూరం జరుపుతారు. అందుకే అయిదు మాటలూ చదవవలసింది ఆ రోజు మాట్లాడేవారిలో గొంతు చిన్నదైన వారు, వారికి అలవాటైన దూరంలో. జాలీని అరచేత్తో మూసి పట్టుకోవద్దని కూడా అప్పుడే చెప్పండి. చుట్టూ ఉన్న శబ్దాన్ని వదిలేసి ముందున్న గొంతునే తీసుకునే గుణం అలా మూస్తే పోతుంది, కీచుమనడానికి అది పెద్ద కారణం.

ఈ పద్ధతికీ హద్దు ఉంది. ఖాళీ హాలు వేరు, నిండిన హాలు వేరు. జనం నిండాక ప్రతిధ్వని తగ్గుతుంది, కానీ పిల్లల ఏడుపులు, పలకరింపులు, వంటింటి గిన్నెల చప్పుడు పెరుగుతాయి. ఆఖరి వరసలో కూర్చున్నవారు సభ మొదలైన పది నిమిషాల వరకు కాగితం కింద పెట్టకుండా ఉంటే మంచిది. పేర్లు, తేదీలు రాసుకుంటూ ఉండి, తప్పిపోతుంటే చెయ్యెత్తాలి. ల్యాప్‌టాప్ దగ్గర చాట్ చూడడానికి ఒక మనిషి సభ ముగిసేదాకా ఉండాలి.

చివరగా మన వాట్సాప్ గ్రూపుల సంగతి. నెట్ వస్తోందో లేదో చూడడానికి రెండు వందల మంది ఉన్న గ్రూపులో రాత్రి పదకొండింటికి "హాయ్" పెట్టేవాళ్ళున్నారు. ఒంటరిగా ఉండే పెద్దలకు ఆ వేళప్పుడు ఫోను మోగితే గుండె దడ. దానికీ గ్రూపు అక్కర్లేదు. వాట్సాప్‌లో మీకు మీరే సందేశం పంపుకునే వీలుంది, ఒక టిక్కు పడితే మీ ఫోను నుంచి బయటికి వెళ్ళినట్టే. ఫలానావారికి చేరిందా అన్నది కావాలంటే వారికే పంపండి, రెండో టిక్కు పడితే వారి ఫోనుకు చేరినట్టు. చదివి అర్థం చేసుకున్నారా అన్నది మాత్రం ఏ టిక్కూ చెప్పదు. "రేపు సభ ఎన్నింటికి?" అని అడిగి జవాబు తెప్పించుకోవాల్సిందే.

వచ్చే సభకు ఆఖరి వరసలో కాగితం పట్టుకుని కూర్చోవడానికి ఒకరు, ల్యాప్‌టాప్ దగ్గర చాట్ చూడడానికి ఒకరు కావాలి. వీలున్నవారు కింద పేరు రాయండి.