ఇద్దరి కొలువులు, ఒక కాపురం

హట్టి బంగారు గనులలో కొత్త ఇంజనీర్లు చేరే రోజుల్లో మన ఇళ్ళలో ఒక చర్చ తప్పకుండా వస్తుంది. అబ్బాయికి గనిలో ఉద్యోగం దొరికితే, అమ్మాయి ఉద్యోగం ఏమవుతుంది? ఈమధ్య ఆ ప్రశ్న తిరగబడింది. అమ్మాయే గనులశాస్త్రం చదివి ఇక్కడికి వస్తూంటే, అబ్బాయి ఉద్యోగం ఏం కావాలి? ప్రశ్న ఎటు తిరిగినా మాటలు మాత్రం పాతవే. “ఎవరి జీతం ఎక్కువైతే వారి వెంట వెళ్ళాలి” అంటారు పెద్దలు. నా మటుకు జీతం చూసి నిర్ణయించటం పొరపాటు. చూడవలసినది గడియారం. ప్రతి ఉద్యోగానికీ పైకి ఎక్కడానికి ఒక లెక్క ఉంటుంది. ఏ రోజులు ఆ లెక్కలోకి వస్తాయి, ఊరు మారితే ఏవి పోతాయి అన్నది ముందు తెలుసుకోవాలి.

ఒక దంపతుల సంగతి తీసుకుందాం. ఎవరి పేరూ కాదు, మనలో ఏ ఇంటికైనా పొసగే ఉదాహరణ. ఆమె మైనింగు ఇంజనీరు, హట్టిలో ఉద్యోగం వచ్చింది. ఆయన హైదరాబాదులో ప్రభుత్వ బ్యాంకులో ఆఫీసరు. ఇద్దరికీ పైకి రావాలనే ఉంది. ఆమె ఏనాటికైనా గనికి మేనేజరు కావాలంటుంది. ఆయన ఏనాటికైనా ప్రాంతీయ కార్యాలయంలో పెద్ద కుర్చీలో కూర్చోవాలంటాడు.

ముందు ఆమె గడియారం చూద్దాం. గనికి మేనేజరు కావటానికి పట్టా చాలదు. గనుల భద్రతా శాఖవారు నడిపే పరీక్షలో నెగ్గి, మొదట రెండవ తరగతి, తరువాత మొదటి తరగతి యోగ్యతాపత్రం తెచ్చుకోవాలి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే నేలక్రింద పనిచేసిన అనుభవం ఉండాలి. కార్యాలయంలో కూర్చుని పటాలు గీసిన కాలం ఆ లెక్కకు రాదు. 2019 వరకూ చట్టం స్త్రీని గని లోపలికి ఉద్యోగానికి రానివ్వలేదు గనుక, చదువుకున్న అమ్మాయిలకు పైకప్పు లేని గనులకు మాత్రమే చెల్లే పత్రం దొరికేది. ఆ ఏడు జనవరిలో కేంద్రప్రభుత్వం తలుపు తెరిచింది. అయితే షరతులు పెట్టింది. సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక పనులకు మాత్రమే, ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపల మాత్రమే, ఆమె వ్రాతపూర్వకంగా ఒప్పుకున్న తరువాతనే, పైగా కనీసం ముగ్గురు స్త్రీలు కలిసి దిగాలి. మన తెలంగాణ అమ్మాయి సంధ్య రసకట్ల, హిందూస్థాన్ జింకు గనిలో పనిచేస్తూ, భూగర్భ గనులకు కూడా చెల్లే రెండవ తరగతి పత్రం సాధించిన తొలి స్త్రీలలో ఒకరు. తలుపు తెరుచుకున్న తరువాత కొద్ది ఏళ్ళకే ఇది జరిగింది. 2025 నవంబరులో కొత్త కార్మిక నియమావళి అమలులోకి వచ్చి, స్త్రీ సమ్మతిస్తే రాత్రిపనికి కూడా వీలు కల్పించింది. కాబట్టి ఏ షిఫ్టు ఇస్తారు, జట్టులో ఎందరు స్త్రీలున్నారు అని ఉత్తర్వు అందుకునే ముందే అడగటం మంచిది. జట్టు కూడక దిగలేని రోజులు ఎక్కువైతే లెక్క నింపటానికి ఏళ్ళు పెరుగుతాయి.

ఇంకొక గొయ్యి ఉంది, చాలామంది చూడనిది. “కొన్నాళ్ళు హట్టిలో చేసి తరువాత సింగరేణికి పోదాం, పుట్టింటికి దగ్గర” అనుకుంటారు. బంగారు గనికి వర్తించే నిబంధనలు వేరు, బొగ్గు గనికి వేరు. ఒకదానికి తెచ్చుకున్న మేనేజరు పత్రం రెండవదానికి చెల్లదు. కోలారు గనులు 2001లో మూతబడ్డాయి. కనుక హట్టి పత్రంతో తరువాత వెళ్ళవలసిన దారి రాజస్థానంలాటి దూరప్రాంతాలకు ఉంటుందే గాని గోదావరి వైపు కాదు. ఇది ఇప్పుడే తెలిస్తే కాపురం ప్రణాళిక వేరుగా ఉంటుంది.

ఇక ఆయన గడియారం. ఇక్కడ వింతగా అదృష్టం కలిసివస్తుంది. చాలా ప్రభుత్వ బ్యాంకులలో ఆఫీసరు పై మెట్టుకు పోవాలంటే పల్లెలోనో చిన్న పట్టణంలోనో కొంతకాలం పనిచేసి ఉండాలన్న నియమం ఉంది. నగరంలో ఉన్నవారు దానిని వాయిదా వేస్తూ పోయి, ప్రమోషను నాటికి చిక్కుకుంటారు. హట్టి, లింగసుగూరు శాఖలు ఆ లెక్కను తీరుస్తాయి. లింగసుగూరు ఇక్కడికి ఇరవై కిలోమీటర్లే. భార్య కోసం త్యాగం చేసినట్టు నలుగురూ చెప్పుకునే బదిలీ నిజానికి ఆయన పని కూడా చేసిపెడుతుంది! పైగా బ్యాంకు ఆఫీసరు సీనియారిటీ మొత్తం బ్యాంకుకు ఒకటే గనుక, రాష్ట్రం మారినా వెనక్కు పోడు. అదే గుమాస్తా అయితే కథ వేరు. వారిని రాష్ట్రంవారీగా, స్థానికభాష చూసి తీసుకుంటారు. తనంతట కోరి రాష్ట్రం దాటితే అక్కడ చివరివాడిగా లెక్కించబడే ప్రమాదం ఉంది. కన్నడం రాకపోతే ఇంకో చిక్కు.

ఆయన ఉపాధ్యాయుడై ఉంటే ఇంకా కష్టం. తెలంగాణ ప్రభుత్వపు ఉపాధ్యాయుడు రాష్ట్రం దాటి బదిలీ కావటం మామూలుగా జరిగే పని కాదు. ఇక్కడ మళ్ళీ పరీక్ష రాయాలి. రాయచూరు జిల్లాకు రాజ్యాంగంలోని 371-జె అధికరణం వర్తిస్తుంది గనుక, స్థానికులకు కేటాయించిన ఉద్యోగాలకు స్థానికత పత్రం కావాలి. పదేళ్ళ సర్వీసు వదులుకుని వచ్చినవాడికి అది పెద్ద దెబ్బ. అటువంటి ఇంట్లో ఆమె ఒంటరిగా రెండు మూడేళ్ళు ఇక్కడ ఉండి, నేలక్రింద రోజులు పూర్తిచేసుకుని, పరీక్ష రాసుకోవటమే తక్కువ నష్టం అని నా అభిప్రాయం. అత్తగారు కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి.

మన దంపతుల విషయానికి వద్దాం. బ్యాంకు బదిలీలు సాధారణంగా వేసవిలో జరుగుతాయి గనుక, ఆమెకు ఉత్తర్వు అందిన రోజే ఆయన అర్జీ పెట్టాలి. ఆమె నియామకపత్రం నకలు దానికి జతచేయాలి. ఆమె చేరిన తరువాత చూద్దామంటే ఒక ఏడు పోతుంది. గని కాలనీలో ఆమెకు క్వార్టరు వస్తే, ఆయనకు ఇంటి అద్దె భత్యం దక్కుతుందో లేదో ముందే బ్యాంకును అడగాలి. ఒకే ఊరిలో ఒక కాపురానికి రెండు వసతులు ఇవ్వని చోట్లు ఉన్నాయి. ఇంటి లెక్క దానితో మారుతుంది.

అసలు తగాదా మాత్రం మూడో నాలుగో ఏట వస్తుంది. బ్యాంకులో ప్రమోషను వస్తే దానివెంట బదిలీ వస్తుంది. ఆమెకు అప్పటికి రెండవ తరగతి పత్రం వచ్చి ఉంటే బాధ లేదు. ఆ ఏడే పరీక్ష అయితే? ప్రమోషను వద్దన్నవారికి కొన్ని బ్యాంకులు కొంతకాలం మళ్ళీ అవకాశం ఇవ్వవు. కనుక మొదటి ఏడే ఇద్దరూ కూర్చుని ఒక నోటుపుస్తకంలో రెండు వరుసలు గీసుకోవాలి. ఒకదానిలో ఆమె నేలక్రింద పనిచేసిన రోజులు, మేనేజరు సంతకంతో సహా. రెండవదానిలో ఆయన గ్రామీణ సర్వీసు నెలలు. ఏటేటా ఉగాదికి చూసుకోవాలి. ఒక వరుస రెండేళ్ళు కదలకుండా ఉందంటే, ఇద్దరిలో ఒకరు చెప్పకుండా వెనకబడుతున్నారన్నమాట. ఆయన ప్రమోషను పరీక్షకు దరఖాస్తు పెట్టే ఏడు, ఆమె పరీక్ష ఏడు ఒకటే కాకుండా ఒకటి ముందుకో వెనక్కో జరపటం అప్పుడు తేలిక. వచ్చిన ఉత్తర్వు చేతిలో పట్టుకుని చేసే చర్చ వేరు, ఆ ఉత్తర్వు రాకముందు చేసే చర్చ వేరు.