చెప్పకుండా చెరపకండి

సంఘాలు, గ్రంథాలయాలు, కళాశాలలు, దుకాణాల తరఫున సోషల్ మీడియా పేజీలు నడిపే మిత్రులకు విజ్ఞప్తి

మీ పేజీలో పెట్టిన పోస్టును జనం మీరు అనుకోని అర్థంలో తీసుకున్నారు. సాయంత్రానికి తిట్లు మొదలయ్యాయి. కమిటీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అనే మొదటి మాట: "ముందు తీసేయండి, తర్వాత చూద్దాం." ఈ కరపత్రం ఆ మాటను వ్యతిరేకిస్తూ వేసింది. పోస్టు ఎప్పుడూ తీయకూడదని మేము అనడం లేదు. వివరణ ముందు రావాలి, తొలగింపు ఆ తర్వాత జరగాలి, తొలగిస్తే ఎందుకు తొలగించారో అక్కడే రాసి ఉండాలి. ప్రతి సంస్థా ఈ నియమాన్ని గొడవ రాకముందే కాగితం మీద పెట్టుకోవాలన్నదే మా కోరిక.

గొడవ మొదలైన గంటలోపే మీ పోస్టుకు స్క్రీన్‌షాట్లు తయారవుతాయి. మీరు తీసేసేది మీ పేజీలో ఉన్న ప్రతిని మాత్రమే. పూర్తి పాఠం, తేదీ, కింద ఎవరో ఓపిగ్గా సరైన అర్థం చెప్పిన కామెంట్లు ఉన్నది ఆ ఒక్క ప్రతిలోనే. అది పోయాక ఊళ్లో తిరిగేవన్నీ కత్తిరించిన ముక్కలే. పైగా "దొరికిపోయి తీసేశారు" అనే కొత్త వార్తను మీరే పుట్టించినవారవుతారు.

2017 అక్టోబరులో డవ్ సబ్బుల కంపెనీకి ఇదే జరిగింది. అమెరికా ఫేస్‌బుక్ పేజీలో మూడు సెకన్ల వీడియో ఒకటి పెట్టారు. అందులో ఒక నల్లజాతి స్త్రీ టీషర్టు తీస్తే తెల్లజాతి స్త్రీ కనిపిస్తుంది, ఆమె కూడా టీషర్టు తీస్తే మరో జాతికి చెందిన మూడో స్త్రీ కనిపిస్తుంది. అన్ని రకాల చర్మానికీ పనికొస్తుందని చెప్పడం వాళ్ల ఉద్దేశం. కానీ తిరిగిన స్క్రీన్‌షాట్లలో ప్రధానంగా ఉన్నది మొదటి ఇద్దరే. సబ్బుతో నలుపు పోయి తెలుపు వచ్చినట్టు చూపించారని ప్రపంచమంతా మండిపడింది. అలా చదివినవాళ్లను తప్పుపట్టలేం. 19వ శతాబ్దపు సబ్బు ప్రకటనల్లో నల్ల పిల్లవాణ్ణి కడిగి తెల్లగా చేసిన బొమ్మలు నిజంగానే ఉండేవి. ఆ చరిత్ర తెలిసినవాళ్ల కంటికి ఈ రెండు ఫ్రేములు మరోలా కనబడే అవకాశం లేదు.

డవ్ వీడియో తీసేసింది, శ్వేతేతర స్త్రీలను చూపడంలో గురి తప్పామని చెప్పి విచారం ప్రకటించింది. వీడియోలో అసలేముందో ఆ తొలి ప్రకటనలో మాత్రం విడమరచి చెప్పలేదు. కొద్ది రోజులకే ఆ ప్రకటనలో నటించిన నైజీరియా మూలాల మోడల్ లోలా ఒగున్యెమి 'గార్డియన్'లో వ్యాసం రాసింది. తాను బాధితురాలిని కాననీ, జనం కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తనకు అర్థమవుతుందనీ, అయినా కంపెనీ క్షమాపణతో పాటు తన ఆలోచనను గట్టిగా సమర్థించుకుని ఉండాల్సిందనీ ఆమె వాదన. చెప్పాల్సిన కంపెనీ గట్టిగా చెప్పకపోతే నటించిన అమ్మాయి మాట్లాడాల్సి వచ్చింది. తీసేయడం, మన్నించమనడం రెండూ జరిగాయి. మధ్యలో ఉండాల్సిన వివరణే వెనకబడింది.

రెండో ఉదాహరణ ఇంకా దగ్గరగా చూడదగ్గది. 2021 మార్చి 8, మహిళా దినోత్సవం. బర్గర్ కింగ్ బ్రిటన్ శాఖ ట్విటర్‌లో "ఆడవాళ్ల చోటు వంటింట్లోనే" అని ఒక్క వాక్యం పెట్టింది. దాని కిందే రెండో ట్వీట్: వాళ్లకు ఇష్టమైతేనే సుమా, అయినా వృత్తిగా వంట చేసేవాళ్లలో స్త్రీలు 20 శాతమే, దీన్ని మార్చాలనుకుంటున్నాం అని. మూడో ట్వీట్‌లో తమ మహిళా ఉద్యోగులకు వంట విద్య నేర్చుకోవడానికి స్కాలర్‌షిప్పు ప్రకటించారు. ఉద్దేశం మంచిదే. కానీ ట్విటర్‌లో ప్రతి ట్వీటూ విడిగా ప్రయాణం చేస్తుంది. మొదటి వాక్యమే ఊరేగింది, కింది రెండూ ఇంట్లోనే ఉండిపోయాయి. అదే రోజు అమెరికాలో ఆ సంస్థ ఫౌండేషన్ ఇదే వాక్యాన్ని శీర్షికగా పెట్టి న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వేసింది. అక్కడ శీర్షికా వివరణా ఒకే కాగితం మీద ఉన్నాయి, ఒకదాన్ని వదిలి రెండోది పోలేదు. (ఆ శీర్షిక మాకు అక్కడా నచ్చలేదు, అది వేరే సంగతి.)

తర్వాత వాళ్లు చేసినవాటిలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. ట్వీటు తీసేయమని మరో ఫాస్ట్‌ఫుడ్ సంస్థ ఖాతా ఎగతాళిగా సలహా ఇస్తే, ఇంత ముఖ్యమైన విషయం వైపు జనం దృష్టిని తెస్తున్న ట్వీటును ఎందుకు తీస్తామని ఎదురు ప్రశ్న వేశారు. కోపంగా ఉన్నవాళ్లకు మీకే అర్థం కాలేదని చెప్పడం అది. మంట ఇంకా పెరిగింది. ఆ రోజు పొద్దుపోయేలోగా దారి మార్చుకున్నారు. మొదటి ట్వీటు రాసిన తీరు తప్పని ఒప్పుకున్నారు, క్షమించమన్నారు, అసలు ఉద్దేశం ఏమిటో రెండు ముక్కల్లో చెప్పారు. పాత ట్వీటును ఆ తర్వాతే తొలగించారు. ఎందుకు తొలగించారో కూడా రాశారు: దాని కింద బూతు కామెంట్లు చేరుతున్నాయి, వాటికి చోటివ్వదలచుకోలేదని. మేము అడుగుతున్న వరుస సరిగ్గా ఇదే. పొద్దున్నే ఇలా చేసి ఉంటే ఇంకా బాగుండేది.

ఇక మన ఊరికి వద్దాం. ఒక మండల కేంద్రంలోని గ్రంథాలయం వాళ్లు పోటీ పరీక్షలకు చదివే అమ్మాయిల కోసం రీడింగ్ రూమును రోజూ రెండు గంటలు ప్రత్యేకంగా కేటాయించారనుకుందాం. ఫేస్‌బుక్ కార్డు మీద "అమ్మాయిలకు రీడింగ్ రూము సాయంత్రం 4 నుంచి 6 వరకు" అని వేశారు. రాత్రికల్లా అది "మిగతా వేళల్లో అమ్మాయిలకు ప్రవేశం లేదట" అని మారిపోయి తిరుగుతోంది.

మొదట చేయాల్సిన పని కార్డును ఒంటరిగా పరీక్షించడం. కమిటీతో సంబంధం లేని ముగ్గురికి, ఏమీ చెప్పకుండా, కార్డు ఒక్కటే చూపించి ఏమర్థమైందని అడగండి. కమిటీ సభ్యులను అడిగితే లాభం లేదు, వాళ్లకు ఉద్దేశం ముందే తెలుసు. ముగ్గురిలో ఇద్దరు విమర్శకుల్లాగే చదివితే తప్పు చదివినవాళ్లది కాదు, రాతది. అప్పుడు వివరణలో "కొందరు కావాలని వక్రీకరిస్తున్నారు" అనే మాట రాకూడదు. నిజంగా వక్రీకరించినవాళ్లు నలుగురుంటే ఉండొచ్చు, కానీ ఆ మాట తగిలేది అమాయకంగా అలాగే చదివిన నాలుగు వందల మందికి.

వివరణ ఇలా ఉండొచ్చు: "అమ్మాయిలు గ్రంథాలయానికి తెరిచి ఉన్న అన్ని వేళల్లోనూ రావచ్చు. 4 నుంచి 6 వరకు రీడింగ్ రూమును వారికి ప్రత్యేకంగా కేటాయించాం. నిన్నటి కార్డులో ఆ సంగతి రాయలేదు, పొరపాటు మాదే." నిజం మొదటి వాక్యంలోనే ఉంది చూడండి. "ప్రవేశం లేదన్నది అబద్ధం" అని మొదలుపెడితే ఆ ఆరోపణను మీ పేరుతో మరోసారి ప్రచారం చేసినట్టే. తొందరలో చదివేవాడి కంటికి ఆనేది "ప్రవేశం లేదు" అన్న భాగమే.

ఈ వివరణను ఫేస్‌బుక్‌లో పాత పోస్టు పై రాతలోనే తేదీ, సమయం వేసి చేర్చండి. అక్కడ సవరణల చరిత్ర చూసేవాళ్లకు కనబడుతుంది కాబట్టి దాచి మార్చారన్న మాట రాదు. దానితో పాటు ఒక కొత్త కార్డు చేయండి. పాత కార్డును చిన్నదిగా, పైన అడ్డంగా "సవరించబడింది" అనే ముద్రతో వేసి, పక్కనే వివరణ పెట్టండి. రెండూ ఒకే బొమ్మలో ఉండాలి. ఎందుకంటే గొడవ వాట్సాప్‌లో బొమ్మగా తిరుగుతోంది. మీ జవాబు ఫేస్‌బుక్ లింకుగా ఉంటే దాన్ని తెరిచి చదివే ఓపిక ఎవరికీ ఉండదు. వాట్సాప్‌లో మీరే పంపిన సందేశాన్ని 15 నిమిషాల లోపైతే సవరించవచ్చు, రెండు రోజుల దాకా అందరి ఫోన్లలోంచీ తీసేయవచ్చు. కానీ ఇతరులు ఫార్వర్డ్ చేసిన ప్రతుల మీద మీకు ఏ అధికారమూ లేదు.

మరి మౌనం? విమర్శ ఎంత దూరం వెళ్లిందన్నది కాదు, ఎవరి దగ్గరికి వెళ్లిందన్నది చూడాలి. మీ దగ్గరికి వచ్చే పాఠకులు, విద్యార్థులు, ఖాతాదారులు ఎవరూ అడగకపోతే, తిట్టేవాళ్లంతా మీతో ఏ పనీ లేని దూరపు ఖాతాలైతే, మాట్లాడకుండా ఉండటమే మంచిది. మీ జవాబే ఆ గొడవను తెలియనివాళ్ల ఇంటికి మోసుకెళ్తుంది. 2019 హోలీ ముందు సర్ఫ్ ఎక్సెల్ ప్రకటన మీద బహిష్కరణ పిలుపు వచ్చింది. రంగుల్లో తడవకుండా ముస్లిం స్నేహితుణ్ణి మసీదు దాకా దిగబెట్టే చిన్న పాప కథ అది. కోపంలో కొందరు పేరు చూసి పొరబడి మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ యాప్‌కు ఒక్క స్టారు రేటింగులిచ్చారు. అలాంటివాళ్లకు వివరణ రాసి ఒప్పించడం ఎవరి తరం? ఆ కంపెనీ ప్రకటనను వెనక్కి తీసుకోలేదు. కానీ మీ సొంత జనంలో ఒక్కరు పేరుతో వచ్చి మర్యాదగా అడిగినా ఆ మౌనం అక్కడితో చాలించాలి. మౌనంగా ఉన్న రోజుల్లో ముందే సమయం పెట్టి ఉంచిన పండగ శుభాకాంక్షలు, ఆఫర్ల పోస్టులు ఆపడం మరవకండి. గొడవ మధ్యలో నవ్వు ముఖం బొమ్మ వస్తే అది మౌనంలా ఉండదు, వెటకారంలా ఉంటుంది.

చర్చ లేకుండా వెంటనే తీసేయాల్సినవి కొన్ని ఉన్నాయి. పోస్టులో ఎవరి ఫోన్ నంబరో, పిల్లల ఫొటోనో ఉండి వాళ్ల మీద దాడి మొదలైతే, వరద హెచ్చరికలాంటి సమాచారం తప్పుగా వెళ్లి దాన్ని నమ్మినవాళ్లకు హాని జరిగేలా ఉంటే, సిబ్బందికి బెదిరింపులు వస్తుంటే నిమిషం ఆగకూడదు. 2020 అక్టోబరులో తనిష్క్ నగల కంపెనీ తన ప్రకటనను వెనక్కి తీసుకున్నప్పుడు ఉద్యోగులు, దుకాణాల సిబ్బంది క్షేమాన్ని కూడా కారణంగా చెప్పింది. దాన్ని పిరికితనం అన్నవాళ్లు చాలామంది. కౌంటర్ వెనక రోజంతా నిలబడేది వాళ్లు కాదు. ఇక్కడ కూడా తీసినందుకు కారణం చెప్పారని గమనించండి.

తీసేముందు మీ ప్రతి మీరు దాచుకోండి: లింకు, పెట్టిన సమయం, కామెంట్లతో సహా స్క్రీన్‌షాట్లు. విషయం మతం, కులం వైపు తిరిగితే భారతీయ న్యాయ సంహితలోని 196, 299 సెక్షన్ల కింద ఫిర్యాదులు రావచ్చు. ఫిర్యాదు వచ్చాక వకీలును అడగకుండా ఏదీ తొలగించకండి. అప్పుడు మీరు అసలేం రాశారో చూపించడానికి మిగిలేది ఆ పూర్తి పాఠమే.

మీ కమిటీ వచ్చే సమావేశంలో మినిట్స్ పుస్తకంలో ఈ తీర్మానం రాసుకోవాలని కోరుతున్నాం. పేజీ నడిపే అధికారం కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి, వారిలో ఒకరు రాత్రి 10 తర్వాత కూడా ఫోన్ ఎత్తేవారై ఉండాలి. గొడవ వచ్చినప్పుడు ఆ పోస్టు రాసినవారు వివరణ రాయకూడదు, రెండో వ్యక్తి రాయాలి. దాన్ని పెట్టేముందు బయటివారు ఒకరు చదవాలి. సంస్థ తరఫున ఒకే పాఠం వెళ్లాలి, సభ్యులు తమ సొంత ఖాతాల నుంచి వాదనకు దిగకూడదు. తొలగించిన ప్రతి పోస్టు స్థానంలో తేదీ, కారణం రెండు వాక్యాల్లో కనీసం నెల రోజులు పేజీ మీద ఉండాలి.