ముందు పోర్టు లైటు చూడండి

కొమరోల్లో మా డెస్క్‌టాప్ కింది రూటరుకి (192.168.1.x) ఉంది. మేడ మీద ఇంకో రూటరు, 192.168.0.x. పైనుంచి మ్యాజిక్ ప్యాకెట్ పంపితే పీసీ లేవలేదు. అందరిలాగే నేనూ రూటర్నే తిట్టా.

తీరా కింద, అదే సబ్‌నెట్ నుంచి పంపినా లేవలేదు! షట్‌డౌన్ చేయగానే ల్యాన్ పోర్టు లైటు ఆరిపోతోంది. అంటే కార్డుకి కరెంటే లేదు, ప్యాకెట్ వినేదెవరు? బయోస్‌లో ErP ఆపి, విండోస్‌లో Fast Startup తీసేశా. లైటు నిలిచింది, పీసీ లేచింది.

పైనుంచి మాత్రం ఇంకా లేవలేదు. 255.255.255.255కి పంపిన బ్రాడ్‌కాస్ట్ రూటరు దాటదు. 192.168.1.255కి పంపినా, స్మర్ఫ్ దాడుల తర్వాత 1999లో వచ్చిన RFC 2644 ప్రకారం రూటర్లు దాన్ని మామూలుగా ఆపేస్తాయి. ఆ తలుపు తెరవమనే సలహా నాకు నచ్చదు. కింద ఎప్పుడూ ఆన్‌లో ఉండే రాస్ప్‌బెర్రీ పైలోకి లాగిన్ అయ్యి, అక్కణ్నుంచే పంపితే సరి. కాపలావాణ్ణి పంపించేసేకన్నా లోపలి మనిషిని పిలవడం మేలు కదా!