పళ్లెంలో ఉన్నదే మెనూలో రాద్దాం

ఖరగ్‌పూర్‌లో హోటళ్లు నడిపేవాళ్లం, వాటికి మెనూలు రాసిపెట్టేవాళ్లం, తెలుగువాళ్లం కొందరం కలిసి ఈ ప్రణాళిక ప్రకటిస్తున్నాం. దీన్ని ముందుగా మాకు మేమే విధించుకుంటున్నాం. కొత్త హోటలు తెరిచినప్పుడు ఫోన్లలో పంపే మెనూలోనూ, గుమ్మం ముందు కట్టే బోర్డులోనూ నాలుకకు, ముక్కుకు, పంటికి తెలిసే మాటలే ఉండాలి. తిన్నవాడు నిజమో కాదో తేల్చుకోలేని మాట ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇప్పుడు మన మెనూల్లో ఏముంటోంది? ‘ఊళ్లో నంబర్ వన్’, ‘అసలుసిసలు ఆంధ్రా రుచి’, ‘అమ్మ చేతి వంట’, ‘ఒక్కసారి తింటే వదలరు’. ఈ మాటలు ఇడ్లీకీ అతుకుతాయి, మటన్‌కీ అతుకుతాయి. వర్క్‌షాపులో డ్యూటీ దిగి వచ్చిన బెంగాలీ ఆయనకు, ఐఐటీలో కొత్తగా చేరిన పిల్లకు పనసపొట్టు కూర అంటే ఏమిటో వీటివల్ల తెలియదు. తెలియనిదాన్ని వాళ్లు అడగరు, దోసె చెప్పి తినేసి వెళ్లిపోతారు.

‘అసలు ఆంధ్రా’ అనడం మాకు మరీ బాధగా ఉంటుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడికి వచ్చి, వర్క్‌షాపు వెలిసినప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు మనుషులు ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. 1920లలో ఇక్కడి రైల్వే కార్మికుల పోరాటాల్లో వి.వి. గిరి ముందు నిలిచారంటే ఈ ఊరితో మన బంధం ఎంత పాతదో ఊహించుకోవచ్చు. ఇన్ని తరాల్లో మన వంట ఈ బజారులో దొరికే కాయతో, చేపతో, కొన్ని ఇళ్లలో ఆవనూనెతో కూడా కలిసిపోయింది. దాన్ని దాచి, నిన్న విజయనగరం నుంచి దిగినట్టు రాయడం మన పెద్దల వంటను చిన్నబుచ్చడమే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఆహార ప్రకటనల మీద 2018లో వచ్చిన ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు తాజా, శుద్ధం, సహజం, సంప్రదాయం, అసలైన వంటి మాటలకు షరతులు పెట్టాయి. తినేవాణ్ణి పొరబడేలా చేసే ‘ఇంటి వంట’ లాంటి మాటలు వద్దన్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయినా జరిమానా భయంతో రాసే మెనూ మాకు వద్దు. మేం అడిగేది అంతకన్నా ఎక్కువ పని.

ఆ పని ఎలా ఉంటుందో ఒక్క వంటకంతో చూపిస్తాం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర. లేత పనసకాయను పొట్టుగా కొట్టి, పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీరు పిండేస్తాం. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, జీడిపప్పు, కరివేపాకుతో పోపు వేసి, చింతపండు పులుసు పోసి మగ్గనిస్తాం. పొయ్యి ఆపి, కూర గోరువెచ్చగా అయ్యాక, నానబెట్టి నూరిన ఆవముద్ద కలుపుతాం. కిలో పొట్టుకు రెండు చెంచాల ఆవాలు సరిపోతాయి.

ఆవ చివరన ఎందుకు? ఆవగింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. గింజ నలిగి నీళ్లు తగిలినప్పుడు లోపలి ఎంజైము పనిచేసి ఆ ఘాటును పుట్టిస్తుంది. వేడి కూరలో కలిపితే ఎంజైము చచ్చిపోతుంది, పుట్టిన ఘాటు ఆవిరితో ఎగిరిపోతుంది, చేదు ఒక్కటే మిగులుతుంది. సరిగ్గా కలిపిన ఆవ కూడా గంటలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అంటే మెనూలో మనం రాసిన ‘ఘాటు’ అనే మాట మధ్యాహ్నం నిజం, రాత్రి భోజనం వేళకు అబద్ధం కావచ్చు. అందుకే ఈ కూరకు మెనూలో వేళ రాయాలి. మిరప కారం నాలుక మీద మండుతుంది, ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కి క్షణంలో దిగిపోతుంది. రెంటినీ ‘స్పైసీ’ అనే ఒక్క ముక్కలో కుక్కితే, కారానికి భయపడేవాడు తాను హాయిగా తినగలిగిన కూరను వదులుకుంటాడు.

ఇదిగో, మేం రాసిన మెనూ మాట:

“ఆవ పెట్టిన పనసపొట్టు కూర. లేత పనసకాయ పొట్టు, చింతపండు, జీడిపప్పు, పచ్చి ఆవముద్ద. ముందు పులుపు తెలుస్తుంది, వెనకనే ఆవ ఘాటు ముక్కుకెక్కుతుంది. పోపులో ఎండుమిర్చి. పొట్టు మెత్తగా ఉన్నా పీచు పంటికి తగులుతుంది. కూర గోరువెచ్చగా వడ్డిస్తాం. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకే. లేత కాయ దొరికినన్నాళ్లే. ఆవ, జీడిపప్పు పడనివాళ్లు తినవద్దు.”

పీచు సంగతి, గోరువెచ్చన సంగతి చెబితే గిరాకీ పోతుందని మాలో ఇద్దరు ముగ్గురు వాదించారు. మేం ఒప్పుకోలేదు. మెత్తటి కూర అనుకుని వచ్చి పీచు నమిలినవాడు రెండోసారి రాడు, పీచు ఇష్టపడేవాడికి ఆ కూర ఉందన్న సంగతే తెలియదు.

రుచి మాటల్లోనూ అబద్ధాలు దూరతాయి. ‘నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది’ అనేది నెయ్యికి నిజం, పనసపొట్టుకు కాదు. ‘కరకరలాడే గారె’ పొయ్యి దగ్గర నిలబడి తినేవాడికి నిజం. పార్సెల్ డబ్బాలో సొంత ఆవిరికే అది మెత్తబడుతుంది, కాబట్టి పార్సెల్ మెనూలో ఆ మాట తీసేయాలి. చేపల పులుసు మీద ‘ఈరోజే వండినది’ అని రాయడానికి అందరూ ఉబలాటపడతారు. రాత్రి కాచి, ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున మళ్లీ మరగబెట్టిన పులుసులో ముక్కకు ఉప్పు, పులుపు బాగా పడతాయి. అలాంటప్పుడు ‘నిన్న రాత్రి కాచిన రోహూ చేప పులుసు’ అనే రాద్దాం.

రాసిన మాటను ఇలా పరీక్షించాలి. వంటగదిలో గరిటెతో రుచి చూసి రాయకూడదు. గిరాకీ ముందుకు వెళ్లే పళ్లెం, వెళ్లే వేళకే తెప్పించుకుని తినాలి. ఆ వంట చేయనివాళ్లు ముగ్గుర్ని కూర్చోబెట్టాలి. వాళ్లలో ఒకరైనా తెలుగు తిండి అలవాటు లేనివారు ఉండాలి. మెనూ కాగితం చేతికిచ్చి, తిన్నాక పళ్లెంలో దొరకని మాటల్ని కొట్టేయమనాలి. ఇద్దరు కొట్టేసిన మాట మెనూలో ఉండదు. కారం విషయంలో మాత్రం ముగ్గురి నోళ్లూ ఎప్పుడూ ఒకటి కావు. అక్కడ ఎక్కువ, తక్కువ అని వాదించుకోకుండా ఏ మిర్చి వేశామో, పచ్చిదో ఎండుదో రాసేయాలి. వంటమనిషి మారినా, కాలం మారినా మళ్లీ కూర్చోవాలి. చలికాలంలో పిండి పులవడానికి ఎక్కువ సేపు పడుతుంది, వేసవిలో రాసిన ‘కొద్దిగా పులిసిన ఇడ్లీ’ జనవరిలో నిజం కాకపోవచ్చు.

ఆరోగ్యం పేరుతో ఏ వాగ్దానమూ చేయం. షుగర్ తగ్గుతుందని, ఒంట్లో వేడి దిగుతుందని ఏ కూర మీదా రాయం. పక్క హోటలుతో పోల్చుకోం.

మలంచాలోనో, గోల్‌బజార్‌లోనో కొత్తగా హోటలు తెరవబోతున్నవాళ్లకు మా మనవి. మెనూ అచ్చుకు ఇవ్వకముందే మమ్మల్ని పిలవండి. మీ వంట డబ్బిచ్చి తింటాం, మాటలు మీ ముందే కొట్టేస్తాం, మిగిలినవాటితో మీ మెనూ మీతో కలిసి రాస్తాం.