ఖాళీ కాగజ్ ముందు ఒక ‘అగర్’

రోజుకు మూడు వార్తలు రాసే చెయ్యి నాది. ఇషా అయ్యాక కథ రాద్దామని కూర్చుంటే మాత్రం మొరాయిస్తుంది. “అగర్ ఇలా జరిగితే? అని ఓ సవాల్ వేసుకో, కథ అదే పుడుతుంది” అంటారు దోస్తులు. నా రాయ్ వేరు. ఉత్త ‘అగర్’ చాలదు. ఆకాశంలో ఇద్దరు చందమామలుంటే ఈద్ ఎప్పుడు? మజాగానే ఉంది. కానీ రెండో పేజీకల్లా లతీఫా అయిపోతుంది. నా నిద్ర చెడగొట్టినదేదీ దాని వెనక లేదు మరి.

మంటోను చూడండి. ‘టోబా టేక్ సింగ్’ ఒక్క అగర్ మీద నిలబడింది. ఖైదీల్లాగే పాగల్‌లను కూడా రెండు ముల్కులు పంచుకుంటే? అయితే ఆ సవాల్ గాల్లోంచి రాలేదు. బొంబాయి వదిలి 1948లో లాహోర్ చేరిన మనిషి ఆయన. తాగుడు మాన్పించడానికి అక్కడి పాగల్‌ఖానాలోనూ ఉంచారు. బట్వారా ఆయన్ని వదల్లేదు. అగర్ దానికి దారి చూపింది, అంతే.

అందుకే నేను సవాల్‌కన్నా ముందు, ఏళ్ళుగా నన్ను వదలనివి రాసుకుంటాను. దర్జీ దుకాణంలో ఎవరూ తీసుకెళ్ళని బట్టలు. షాదీలో ఆఖరి దస్తర్‌ఖాన్ దాకా కూర్చోబెట్టే గరీబు చుట్టాలు. ఇంట్లో ఎవరికీ చదవరాని ఉర్దూ ఖత్‌లు. నేను ఉర్దూ మీడియంలో చదివాను, నా పిల్లలకు అలిఫ్ ఏదో బే ఏదో తెలీదు. నెల తర్వాత మళ్ళీ రాసుకున్నా ఖత్‌లే వచ్చాయి. అంటే జిద్ అదే.

ఇక దానికి అగర్‌లు తగిలించాను. దాదా ఖత్‌లో ఖజానా జాడ ఉంటే? ఖత్ ఏ భాషలో ఉన్నా ఆ కథ మారదు, కాబట్టి కొట్టేశాను. ఖత్ కాలిపోతే? బాధే మిగులుతుంది, ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. అదీ పోయింది. ఏడోది నిలిచింది: ఇంట్లో ఉర్దూ చదవగలిగేది పెద్ద కోడలొక్కతే, ఆ ఖత్‌లో దాదా షికాయత్ రాసింది ఆమె మీదే అయితే?

ఇక్కడ నా కసౌటీ ఒక్కటే. ఆ మనిషి ముందు రెండు దారులుండాలి, రెండింటికీ ఖరీదుండాలి. ఉన్నదున్నట్టు చదివితే ఇంట్లో ఆమె ఇజ్జత్ పోతుంది. మార్చి చదివితే చనిపోయిన పెద్దాయన మాటను మార్చినట్టవుతుంది. పైగా ఉర్దూ రాకపోవడమే ఇంటిల్లిపాదినీ ఆమె ముందు కూర్చోబెట్టింది. జిద్ తీసేస్తే కథే కూలిపోతుంది. అలా కూలితేనే అగర్ సరైనది.

ఒక్క ఖత్రా ఉంది. మన జిద్ మనకు బాగా తెలిసినది కాబట్టి కథ తక్రీర్ అయిపోతుంది. ఉర్దూ పోతోందని నేనూ ఒక పేజీ వాపోయాను. మర్నాడు చించేశాను. ఆ ఫికర్ నాది, కోడలిది కాదు. ఆమె ఫికర్ ఆ సాయంత్రం గడవడం.

కొత్త కాగజ్ మీద మొదటి వాక్యం ఇలా వచ్చింది: “అందరూ కూర్చున్నాక బడీ బహూ ఐనక్ తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.”