నీడలో కొలిచిన ఎండ

వాతావరణ శాఖ థర్మామీటర్ ఎండలో ఉండదు. గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడన ఉంటుంది. అది చూపే అంకె మైదానాల్లో 40 డిగ్రీలు, తీరంలో 37 దాటి, మామూలు కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతేనే వడగాలి అంటారు. 45 చేరితే మామూలుతో పోల్చే పని లేదు. వాతావరణాన్ని వర్ణించడానికి ఇది సరైన కొలతే. స్లాబ్ పోసే కూలీని ఎప్పుడు ఆపాలో చెప్పడానికి మాత్రం చాలదని నా గట్టి అభిప్రాయం. రామగుండంలో 42 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుందాం. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ అక్కడ దాదాపు 24 చూపిస్తుంది, అంటే చెమట ఆరి ఒళ్లు చల్లబడే వీలుంది. విశాఖలో 36 డిగ్రీలు, తేమ 70 శాతమైతే అదే థర్మామీటర్ 31 చూపిస్తుంది. చెమట కారుతుంది గానీ సరిగా ఆరదు. అయినా 37 దాటలేదు కాబట్టి అది వడగాలి రోజు కాదు! అందుకే మేస్త్రీలు హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా చెమట ఆరుతోందా లేదా అన్నది చూడాలంటాను. పావుగంటకో ఇరవై నిమిషాలకో గ్లాసుడు నీళ్లు, మధ్యాహ్నం నీడన విరామం ఎలాగూ ఉండాలి. అంతకంటే ముఖ్యం, కొత్తగా చేరినవాడికి మొదటిరోజు ఎండలో ఐదోవంతు పనే ఇచ్చి, రోజుకు మరో ఐదోవంతు చొప్పున పెంచాలి. ఒంటికి వేడి అలవాటు కాని ఆ తొలిరోజుల్లోనే ప్రాణాలు ఎక్కువగా పోతున్నాయి. ఎవరైనా తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడితే వెంటనే ఒంటిమీద నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయాలి.